అత్త వెయ్యని తెల్ల గీత

మా అత్తకు మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు రెండు మాటలు చెప్పాడు. మెట్లు ఎక్కొద్దన్నాడు, వంగి పనులు చెయ్యొద్దన్నాడు. మెట్ల సంగతి ఆమె చెవిన కూడా పెట్టలేదు. వంగొద్దన్న మాటకు మాత్రం ముఖం చిన్నబోయింది. వంగకుండా వాకిట్లో ముగ్గు ఎట్లా వేస్తారు?

ఆమె నాకు అత్త కాకముందే మేనత్త. మా నాయనకు అక్క. చిత్తూరు దగ్గర పల్లెలో పుట్టి తిరుపతికి కోడలిగా వచ్చింది. కొన్నేళ్ళకు నన్ను కూడా అదే ఇంటికి కోడలిగా తెచ్చుకుంది. అందుకే మా ఇద్దరి మధ్య మన్ననలు తక్కువ, మాటలు ఎక్కువ. నేను ఆమెను నువ్వు అంటాను, ఆమె నన్ను ఏమే అంటుంది. పోట్లాడుకుంటే వీధి చివరి దాకా వినబడుతుంది. పది నిమిషాల తరువాత ఇద్దరం ఒకే గిన్నెలో బొరుగుల ఉగ్గాని తింటూ ఉంటాం.

ఆమె ముగ్గంటే మా వీధిలో పేరు. మొదట ఎర్రమన్ను అలికి, దాని మీద బియ్యప్పిండి నీళ్ళలో కలిపి వేళ్ళ సందు నుంచి జార్చుతూ తడి ముగ్గు వేస్తుంది. వేసేటప్పుడు కనిపించదు. ఆరాక తెల్లగా తేలుతుంది. రోజుకొకటి, వేసింది మళ్ళీ వెయ్యదు. పాలవాడు కూడా బండి వాకిట్లోకి తేకుండా పక్కన నిలబెట్టుకునేవాడు.

ఆపరేషన్ తరువాత ఆ పని నా మెడన పడింది. నా ముగ్గు గురించి నేను చెప్పుకోవడం కన్నా అత్త మాటల్లోనే చెబితే బాగుంటుంది. మొదటి రోజు కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, కాసేపు చూసి, "ఏమే, ఇది ముగ్గా, పిండి ఒలికినాదా?" అని అడిగింది. నేను చీపురు అక్కడే పడేసి లోపలికి పోయాను. అయినా మరునాడు మళ్ళీ వేశాను, ఎందుకంటే ఇంకెవరూ లేరు.

శ్రావణమాసం దగ్గర పడింది. రెండో శుక్రవారం మా ఇంట్లో పేరంటం ఉంటుంది. వీధి ఆడవాళ్ళంతా వస్తారు, వచ్చినవాళ్ళు ముందు వాకిట్లో నిలబడి ముగ్గు చూసి, తరువాతే లోపలికి వస్తారు. అది మామూలు. అత్త ఒక రోజు అన్నం తింటూ తింటూ చేయి ఆపి అంది.

"ఈ యేడు పేరంటం వద్దులేవే. ఎవురినీ పిలవాకు."

"ఎందుకత్తా?"

"వాకిట్లో నా ముగ్గు లేకుండా వాళ్ళ ముందర యాడ నిలబడేది?"

అంతే. మళ్ళీ అన్నం కలుపుకుంది. కోపంగా అని ఉంటే నేనూ ఎదురు మాట్లాడేదాన్ని. మెల్లగా అనేసరికి చేతిలో ముద్దను కంచంలోనే పెట్టేశాను.

నేను, మా తమ్ముడు కలిసి అలిపిరి పోయే దారిలో స్టిక్కర్ల షాపు నడుపుతాం. ఊళ్ళో దాన్ని రేడియం షాపు అంటారు. బండ్ల నంబర్లు, ఆటోల వెనక పేర్లు, కార్ల అద్దాల మీద నామాలు, అన్నీ రంగు రంగుల షీట్లలోంచి కత్తిరించి అంటిస్తాం. కంప్యూటరులో గీసేది నేను, కోత మిషన్ నడిపేది తమ్ముడు. మాకు ఇద్దరికీ ఆ పని మీద కాస్త పొగరు కూడా ఉంది. అన్నం చల్లారిపోతుంటే నాకు ఆలోచన తట్టింది. అత్త వంగలేదు గానీ కుర్చీలో కూర్చుని బల్ల మీద వేయగలదు కదా. వేసినదాన్ని స్టిక్కరు చేసి వాకిట్లో బండ మీద అంటిస్తే సరి. అదే ఆమెకు చెప్పాను.

"బజార్లో దొరికే స్టిక్కర్ ముగ్గులా? థూ," అంది అత్త.

"బజారుది కాదు. నీ చెయ్యే. నువ్వు వేసిందే."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. కానీ సాయంత్రం చూస్తే బల్ల మీద పాత కాగితాలు పరిచి, వాటి మీద ఒక పెద్ద డ్రాయింగ్ చార్టు పెట్టి, దాని మీద ఎర్రమన్ను అలుకుతోంది. చార్టు అంతా అలకలేదు, తామరపువ్వు ఆకారంలో మాత్రం అలికింది. ఆ ఎరుపు మీద తడి ముగ్గు వేసింది. నడిమధ్య నక్షత్రం, చుట్టూ మెలికలు, బయట పదహారు రెక్కలు. ఒక్కో రెక్క మొన ఎరుపు అంచు దాకా పోయింది. చార్టు చిన్నదైపోయిందని ఎరుపును పొదుపుగా వాడుకుంది. ఆరాక నేను పైనుంచి తిన్నగా ఫోటో తీసుకున్నాను. ఆపరేషన్ తరువాత ఆమె ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు.

ఫోటోను కంప్యూటరులో పెట్టుకుని ఆమె గీతలన్నీ నేనే మౌసుతో దిద్దాను. సాఫ్ట్‌వేరు తానే దిద్దుతానంది గానీ, అది దిద్దితే వంకరలన్నీ తిన్నగా అయిపోయి అత్త చెయ్యి కనబడకుండా పోయింది. ఎరుపు మాత్రం ఫోటోలోది తీసేసి ఒకే రంగు పోశాను. ఆ ఎరుపు అంచు మీదే సరిగ్గా కోత గీత పెట్టాను. మిషన్ కత్తి పోవలసిన దారి అది.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. రేడియం పనిలో ప్రింటు ఉండదు. షీటు రంగే రంగు, కోసిందే బొమ్మ. అంచు మీద కోస్తే అంచు మీదే ఉంటుంది. ఇది అట్లా కాదు. తెల్ల షీటు మీద ముందు ప్రింటు పడాలి, ఆ పైన పారదర్శకంగా ఒక పొర అంటించాలి, ఆ తరువాత మా షాపులో కోత. ప్రింటు పక్క వీధి ప్రెస్సులో, కోత మా దగ్గర. షీటు మూలల్లో నల్ల గుర్తులు ప్రింటవుతాయి, వాటిని చూసుకుని మా మిషన్ బొమ్మ ఎక్కడుందో లెక్కేసుకుంటుంది. ఎంత చూసుకున్నా అర మిల్లీమీటరు అటో ఇటో జరుగుతుంది. ఇన్నాళ్ళూ మేము ప్రింటు స్టిక్కర్లు చేసినప్పుడు చుట్టూ కావాలనే తెల్ల అంచు వదిలేవాళ్ళం. పిల్లల బొమ్మలకు అదే అందం. అందుకని ఆ అర మిల్లీమీటరు మాకెప్పుడూ పనికి అడ్డం రాలేదు.

మొదటి స్టిక్కరు కోసి తెచ్చి, వెనక కాగితం తీయకుండానే వాకిట్లో నల్ల బండ మీద పరిచాను. అత్తను కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టాను. ముగ్గు మొత్తం మెరిసిపోతోంది. ఆమె ముందుకు వంగబోయి, మోకాలు గుర్తొచ్చి ఆగి, కళ్ళజోడు సర్దుకుంది.

"ఈ గీత ఎవురేసినారు?"

"ఏ గీత?"

"ఈ పక్క, అంచులో. తెల్లగా. నేను ఎయ్యలేదే."

చూశాను. కుడివైపు రెక్కల వెంబడి వెంట్రుక మందాన తెల్లగా ఒక చార. కోత ఆ పక్కకు కాస్త జరిగింది, ఎరుపు దాటి తెల్ల షీటు బయటపడింది. ఎడమవైపు ఏమీ లేదు.

"అది గీత కాదత్తా, షీటు తెలుపు. ఎవరూ పట్టించుకోరు."

"ముగ్గులో తెల్లగా ఉండేదంతా గీతే. ఇది ఈడ మొదులయ్యి ఈడ ఆగిపోయినాది. మూసుకోలేదు. మూసుకోని గీతను వాకిట్లో ఎట్ల పెడతారే? వచ్చినోళ్ళు నాకు సేతకాలేదనుకుంటారు."

నేను వాదించబోయి ఆగాను. ఆమె చెప్పింది నిజమే. బండి మీదైతే అది స్టిక్కరు అంచు. ముగ్గులోనైతే అది తప్పు గీత. దాన్ని చూశాక ఇక నాకు కూడా ముగ్గు కనబడలేదు, ఆ చారే కనబడుతోంది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక షాపుకు పోయి తమ్ముడి మీద చూపించాను.

"కోత గీతను లోపలికి జరిపితే సరిపాయె. ఆఫ్‌సెట్ ఒక మిల్లీమీటరు లోపలికి," అన్నాడు వాడు, పెద్ద లెక్కేమీ కాదన్నట్టు.

ఆఫ్‌సెట్ అంటే ఉన్న గీతకు అన్ని వైపులా ఒకే దూరంలో ఇంకో గీత రావడం. దూరం చెబితే కంప్యూటరే వేస్తుంది, లోపలికైనా బయటికైనా. లోపలికి వేస్తే కత్తి ఎరుపు మీదే నడుస్తుంది, తెలుపు బయటికి రాదు. ఆలోచన సరిగ్గానే ఉంది. రెండో ప్రింటు తీయించి, కోసి, ఇంటికి తెచ్చాను. తెల్ల చార ఎక్కడా లేదు. నేను గర్వంగా నిలబడ్డాను.

అత్త రెక్కలు ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయింది. అయిదో రెక్క దగ్గర వేలు ఆగింది.

"దీని ముక్కు కోసేసినారు."

నిజంగానే కోసేశాం. ఆమె రెక్కల మొనలు ఎరుపు అంచు దాకా ఉన్నాయి కదా. గీత లోపలికి వచ్చేసరికి మొనలు తెగాయి. చిన్నగానే, కానీ తామరపువ్వు మొండి పువ్వైంది. మా ఆయన వెనకనుంచి తొంగి చూసి, "బాగనే ఉండాది కదమ్మా," అన్నాడు. తల్లీ, పెళ్ళామూ ఇద్దరూ ఒకేసారి చూసిన చూపుకు లోపలికి పోయాడు.

మూడోసారి తమ్ముడు నన్ను అడగకుండా తానే చేశాడు. లోపలికి పోతే మొనలు తెగుతున్నాయి కాబట్టి ఆఫ్‌సెట్ బయటికి వేశాడు. తెచ్చి ఎంతో సంతోషంగా అత్త ఒళ్ళో పెట్టాడు. మొనలన్నీ ఉన్నాయి. దాని చుట్టూ చక్కగా, సమానంగా, చిన్నపిల్లల కార్టూన్ స్టిక్కర్లకు ఉన్నట్టు, వేలెడు కాకపోయినా కనబడేంత తెల్ల అంచు. వాడికి అలవాటైన పని అదే మరి. బయటికి గీత వేశాడు గానీ అక్కడ దాకా రంగు పొయ్యలేదు.

అత్త ఆ తెల్ల అంచు వెంట చుట్టూ వేలు తిప్పింది. ఆ తరువాత అంది, "ఒరే, ఈ గీత మాత్రం బాగా మూసుకున్నాదిరా."

ముందు నాకు నవ్వొచ్చింది. తరువాత తమ్ముడికి. ఆ తరువాత అత్త కూడా పైట అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ముగ్గురం ఆ వాకిట్లో కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఎదురింటామె బయటికి వచ్చి ఏమైందని తన వాకిట్లోంచే అడిగింది.

నవ్వు తగ్గాక అత్త స్టిక్కరును ఒళ్ళోంచి తీసి గోడకు ఆనించింది. "పోనీలేవే. అగసాట్లు పడినారు. పిలవొద్దులే," అంది. ఈసారి కూడా మెల్లగానే. పేరంటం ఎల్లుండి. ఆ మాటతో నా నవ్వంతా పోయింది. నేను స్కూటరు తీసి షాపుకు పోయాను.

కంప్యూటరు ముందు కూర్చుని మూడు డిజైన్లూ పక్కపక్కన పెట్టుకున్నాను. అంచు మీద కోస్తే తెలుపు. లోపల కోస్తే మొన పోతుంది. బయట కోస్తే మళ్ళీ తెలుపు. ఇంకేం మిగిలిందని నన్ను నేనే తిట్టుకుంటూ ఉంటే, మూడో దానిలోని తెల్ల అంచు మీద కన్ను ఆగింది. అక్కడ తెలుపు ఎందుకుంది? ఎరుపు పొయ్యలేదు కాబట్టి. పోస్తే? కత్తి ఎక్కడ పోవాలో అంతవరకే రంగు పోస్తే మళ్ళీ మొదటి కథే. కత్తిని దాటి కూడా రంగు ఉండాలి. కోసి పారేసే చోట కూడా రంగు ఉండాలి.

గీత ఒకటి కాదు, రెండు కావాలి. పువ్వు అంచు నుంచి బయటికి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఒక ఆఫ్‌సెట్ వేసి, దాని నిండా అదే ఎరుపు పోసి, ముగ్గు వెనక పెట్టాను. రెండు ఎరుపులకూ కంప్యూటరులో ఒకే రంగు అంకెలు ఇచ్చాను కాబట్టి ఎక్కడ అతికిందో కనబడలేదు. పువ్వు ఒక్కసారిగా కాస్త లావైంది. మళ్ళీ అదే అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఇంకో ఆఫ్‌సెట్. దీనికి రంగు లేదు, ఉత్త గీత. ఇదే కోత గీత. దీన్ని వేరే పొరలో పెట్టి, ప్రింటుకు పోయే ఫైలులో కనబడకుండా చేశాను, లేకపోతే అది కూడా ప్రింటైపోయి అత్త ఇంకో గీత ఎవరు వేశారని అడిగేది. ఇప్పుడు కత్తికి రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్ల ఎరుపు. అర మిల్లీమీటరు కాదు, మిల్లీమీటరు జరిగినా అది తెలుపు దాకా పోదు, రెక్కను ముట్టదు.

తమ్ముడు వెనక నిలబడి చూసి, "ఇదేనా అక్కా, ఇంత సులువా?" అన్నాడు.

"సులువని ముందే సెప్పింటే ఏమప్పా?" అన్నాను. ఆ రోజు నా నోట్లోనూ చిత్తూరే పలికింది.

మరునాడు ప్రింటు వచ్చింది, పొర అంటించారు, తమ్ముడు మిషన్‌లో షీటు పెట్టాడు. మిషన్ ఒక్కో మూల గుర్తునూ వెతుక్కుని కోత మొదలుపెట్టింది. నేను దాని పక్కనే నిలబడి కత్తి వెంట తల తిప్పుతూ ఉన్నాను. పదహారో రెక్క దాటి మొదలైన చోటికి వచ్చి ఆగింది. చుట్టూ మిగిలిన షీటును లాగేశాను. ఆ మిగిలిన ముక్క లోపలి అంచుకంతా సన్నగా ఎరుపు. దాన్ని చూసి నాకు కలిగినంత ఆనందం పువ్వును చూసి కూడా కలగలేదంటే నమ్మండి. పారేసే దానికి ఎరుపు అంటిందంటే, మా పువ్వుకు ఎరుపు మిగిలినట్టే.

ఆ సాయంత్రం బండను తుడిచి, సబ్బునీళ్ళు చల్లి, వెనక కాగితం తీసి, పువ్వును గడప ముందు పరిచాం. ప్లాస్టిక్ బిళ్ళతో నడిమధ్య నుంచి బయటికి నీళ్ళు నెట్టాం. అత్త కుర్చీలోంచే పర్యవేక్షణ. "ఆ పక్కకు. కాదు, ఇట్ల. గడపకు తిన్నగా ఉండల్ల." తడి ఆరాక ఆమె కర్ర చివరతో అంచు చుట్టూ మెల్లగా తిప్పింది. ఒక్కో రెక్క దగ్గరా ఆగింది. నేను ప్లాస్టిక్ బిళ్ళ చేతిలోనే పట్టుకుని కర్ర వెంట చూస్తున్నాను, పరీక్ష ఫలితాల ముందు నిలబడినట్టు.

"తెలుపు లేదు," అంది. ఇంకో రెండు రెక్కలు దాటింది. "ముక్కులున్నాయి." ఆఖరికి కర్ర ఎత్తి నా భుజం మీద చిన్నగా తట్టింది. "పోయి అందురికీ సెప్పి రా. రేపు పేరంటం."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధంతా తిరిగాను.

శుక్రవారం ఆడవాళ్ళు వచ్చారు. పట్టుచీరలు, మల్లెపూలు, ఒకరి మీద ఒకరి మాటలు. ఎప్పటిలాగే వాకిట్లో ఆగారు. ఎదురింటామె ముగ్గు తొక్కకుండా చీర కుచ్చిళ్ళు పైకెత్తి చుట్టూ తిరిగి వచ్చి, గడప దాటుతూ అత్తను అడిగింది.

"పెద్దక్కా, మోకాళ్ళు బాగైనాయా? పొద్దున్నే ఎట్ల ఏసినావు?"

అత్త నా వైపు చూసింది. నేను నిజం చెప్పబోతున్నాను, అంత బాగా చేశానని చెప్పుకోవాలని నాకు ఆశ ఉండదా? కానీ అత్త ముఖం చూసి నోరు మూసుకున్నాను.

"నేనే ఏసినా," అంది అత్త. "కుర్సీలో కూసుని."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎదురింటామె నమ్మలేక వంగి, వేలితో ముట్టుకుని చూసి, పిండి అంటకపోతే అరిచింది. అప్పుడు అందరూ ముగ్గు చుట్టూ చేరారు. అంచెక్కడో, అతుకెక్కడో అని వెతికారు, దొరకలేదు. అత్త కుర్చీలో నిటారుగా కూర్చుని తాంబూలాలు ఇస్తూనే ఉంది. పొద్దు వాలేదాకా ఆమె నోట మోకాలు అన్న మాట రాలేదు.

శనివారం పొద్దున నేను లేచి చీపురు తీసుకుని వాకిట్లోకి పోయాను. ఇక నీళ్ళు చల్లి తుడిస్తే చాలు, ముగ్గు బాధ తీరిందని సంబరంగా ఉంది. వెనకనుంచి అత్త గొంతు వినిపించింది.

"ఏమే, ఇది నిన్నటిది కదా. ఈ పొద్దుది యాడ?"

తిరిగి చూశాను. హాల్లో బల్ల ముందు కూర్చుని ఉంది. చేతులకు మోచేతి దాకా ఎర్రమన్ను. అప్పుడు అర్థమైంది. నేను ఇన్నాళ్ళూ వాకిట్లో ముగ్గు లేదని ఆమె బాధపడుతోందనుకున్నాను. వాకిట్లో ముగ్గు మొన్ననే వచ్చింది. ఆమెకు లేకపోయింది పొద్దున్నే లేచి చేతికి పట్టే తడి, ఇంతకు ముందెవరూ వెయ్యనిదొకటి వెయ్యడం. నేను చీపురు గోడకు ఆనించి ఆమె దగ్గరికి పోయాను.

ఈసారి చార్టు నిండా అంచు నుంచి అంచు దాకా ఎరుపే. మధ్యలో నెమలి, తోక విప్పి. తోక చివరి కన్నులకు, ఎరుపు అంచుకు మధ్య చుట్టూ రెండు వేళ్ళ జాగా వదిలింది.

"ఏందత్తా, ఇంత ఎరుపు ఒట్టిగా ఇడిసినావు?" అన్నాను.

అత్త తల ఎత్తకుండా, పిండి నీళ్ళలో మళ్ళీ వేళ్ళు ముంచుతూ చెప్పింది. "నీ కత్తి తిరగల్ల కదే."